గడువు పెట్టడం అమర్యాద కాదు, గడువు లేకుండా అడగడమే అమర్యాద



ఈ ఏడు ఉగాది మార్చి 19, గురువారం. పనిరోజులు చూసుకొని కార్యక్రమం తర్వాతి ఆదివారాల్లో పెట్టుకోవడం మనకు అలవాటే. పోయిన వారం కార్యదర్శి గారు ఆ రోజు పని భుజాన వేసుకొనే 24 మందికి ఒక లింకు పంపారు. మార్చి 22, మార్చి 29, ఏప్రిల్ 5, ఈ మూడింటిలో ఏది వీలో గురువారం రాత్రి 9 గంటల లోపల గుర్తు పెట్టండి, వేరే తేదీకి ఎక్కువమంది మొగ్గకపోతే 29 ఖాయం అని రాశారు. అంతే, గ్రూపులో గొడవ మొదలైంది. "ఇదేమన్నా ఆఫీసా, గడువులు పెట్టడానికి?" అన్నారు ఒకరు. "నోరు తెరవనివాళ్ళ తరపున తేల్చడానికి మీరెవరు?" అన్నారు ఇంకొకరు. "మన పెద్దలు ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు, ఇప్పుడు లింకు పంపుతారా?" అన్నారు మరొకరు.

ఈ మూడింటికీ మేము జవాబు రాస్తున్నాము. కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి. మేము చదివింది తమిళ బడిలో, తెలుగు ఇంట్లో నేర్చుకొన్నదే. అక్షరం తప్పితే దిద్దండి. మాట తప్పనిపిస్తే గ్రూపులోనే అడగండి.

ముందు బొట్టు సంగతి. బొట్టు పెట్టి పిలవడం పిలుపు. ఈ లింకు పిలుపు కాదు, పిలుపుకు ముందు జరిగే ముహూర్తం పని. మన ఇళ్ళలో పెళ్ళి కుదిరితే అయ్యవారు పంచాంగం చూసి రెండు మూడు ముహూర్తాలు ఇచ్చేవారు. రెండు వైపులా ఎవరికి ఏది కుదరదో చెప్పేవాళ్ళు. సత్రం దొరకాలి, వంటవాళ్ళు దొరకాలి కాబట్టి ఫలానా రోజులోగా మాట తేలాలి అనేవాళ్ళు. తేదీ తేలాకే బొట్టు పెట్టె చేతికి తీసుకొనేవాళ్ళు. కార్యదర్శి గారు చేసింది ఆ మొదటి పనే. తేదీ ఖాయమయ్యాక ఇంటింటికీ వెళ్ళి పిలవొద్దని ఏ లింకూ చెప్పలేదు.

ఇక గడువు సంగతి. "ఎప్పుడు పెట్టుకొందాము, అందరూ చెప్పండి" అని గ్రూపులో ఊరికే అడిగితే ఏమవుతుందో మనకు కొత్త కాదు. ఒకరు "ఏ రోజైనా సరే" అంటారు. ఒకరు "అందరికీ వీలైన రోజు నాకూ వీలే" అంటారు. ఇద్దరు దండం బొమ్మ పెడతారు. నడుమ ఎవరిదో పుట్టినరోజు వస్తుంది, నలభై శుభాకాంక్షలు పడతాయి, అసలు ప్రశ్న ఎక్కడో పైకి పోతుంది. మూడో రోజు ఒకరు వచ్చి "ఏమి తేలింది?" అంటారు. ఏమీ తేలి ఉండదు. ఇందులో ఎవరి సోమరితనమూ లేదు. అడిగిన తీరే అంత. ప్రతివాళ్ళూ మిగతావాళ్ళ జవాబు చూసి చెబుదామని ఆగుతారు. అందరూ ఆగితే మొదట చెప్పేది ఎవరు?

ఈ ఆగడంలో నష్టపోయేది ఎవరో ఎవరూ ఆలోచించరు. మొదటి రోజే నిజాయితీగా జవాబు చెప్పినవాళ్ళు నష్టపోతారు. ఒక అమ్మ మూడు ఆదివారాలూ వీలే అని గుర్తు పెట్టిందనుకోండి. ఆ నిమిషం నుంచి ఆ మూడు ఆదివారాలూ సంఘం దగ్గర తాకట్టులో ఉన్నట్టే. అల్లుడు ఫోను చేసి 22న వస్తాము అంటే సరే అనలేదు. తిరుత్తణి కొండకు పోదామంటే తేదీ చెప్పలేదు. సంఘం ఒక తేదీ తేల్చి మిగతా రెండూ విడిచిపెట్టేదాకా ఆమెకు విడుదల లేదు. గడువు అంటే ఆ విడుదల తేదీ. గడువు పెట్టడం ఆలస్యంగా చూసేవాళ్ళకు అవమానమని మీరు అంటున్నారు. గడువు లేకపోవడం ముందుగా జవాబు చెప్పినవాళ్ళకు శిక్ష అని మేము అంటున్నాము. ఎవరి వైపు మర్యాద ఉందో మీరే చూడండి.

అందుకే గడువును ఒకసారి పెట్టాక పొడిగించకూడదు. "పాపం, ఆరుగురు ఇంకా చెప్పలేదు, ఇంకో రెండు రోజులు ఇద్దాము" అని కోశాధికారి గారు అన్నప్పుడు మేము ఒప్పుకోలేదు. ఒకసారి పొడిగిస్తే వచ్చేసారి ఎవరూ గడువును గడువుగా చూడరు, ఎట్లాగూ పొడిగిస్తారులే అనుకొంటారు. రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఆఖరి చార్టు పడ్డాక వచ్చి బెర్తు అడిగితే పాపమనిపించినా చార్టు మారదు. మారదని అందరికీ తెలుసు కాబట్టే అందరూ ముందే వస్తారు.

గడువు ఏ రోజన్నది ఇష్టం వచ్చినట్టు పెట్టేది కూడా కాదు. చివరి నుంచి వెనక్కు లెక్కపెట్టాలి. మండపం వాళ్ళు 29వ తేదీని అడ్వాన్సు లేకుండా శనివారం మధ్యాహ్నం వరకే పట్టి ఉంచుతామన్నారు. కాబట్టి శనివారం ఉదయం డబ్బు కట్టాలి. దానికి ముందు శుక్రవారం ఒక రోజు, జవాబు చెప్పనివాళ్ళకు ఫోను చేయడానికి. కాబట్టి గడువు గురువారం రాత్రి. లింకు ఆదివారం ఉదయం వచ్చింది. అంటే చేతిలో అయిదు రోజులు. బుధవారం రాత్రి ఒకే ఒక్కసారి గుర్తు చేయాలి. అదీ గ్రూపులో కాదు, జవాబు రానివాళ్ళకు విడిగా. గ్రూపులో పదే పదే అరిస్తే జవాబు చెప్పినవాళ్ళ చెవులు కూడా నొప్పి పుడతాయి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాము, ఎందుకంటే లింకు ఎందుకు, వాట్సాపు ఓటు చాలదా అని కూడా అడిగారు. చాలదు. వాట్సాపు ఓటులో వచ్చేవాళ్ళు గుర్తు పెడతారు. గుర్తు పెట్టని మనిషి రాలేనని పెట్టలేదా, చూడక పెట్టలేదా? రెండూ ఒకేలా ఉంటాయి. తేదీ కుదర్చడానికి మనకు అన్నిటికంటే ముఖ్యంగా తెలియాల్సింది "రాలేను" అనే మాట. ఆ మాట చెప్పే చోటే అక్కడ లేదు, మనమే ఒక వరుసగా రాసి పెడితే తప్ప.

కార్యదర్శి గారు పంపింది గూగుల్ ఫామ్. అందులో `Multiple choice grid` అనే రకం ప్రశ్న ఉంది. వరుసల్లో మూడు తేదీలు, నిలువు గడుల్లో మూడు జవాబులు: "తప్పక వస్తాను", "అవసరమైతే సర్దుకొని వస్తాను", "రాలేను". దాని కింద `Require a response in each row` అనేది నొక్కి ఉంచితే ఒక్క తేదీకి కూడా జవాబు లేకుండా పంపడం కుదరదు. నడుమ ఉన్న "సర్దుకొని వస్తాను" చిన్నదిగా అగుపడుతుంది, కానీ పనంతా అదే చేసింది. వచ్చిన లెక్క చూడండి.

24 మందిలో 18 మంది జవాబు చెప్పారు. మార్చి 22కు తప్పక వస్తామన్నవాళ్ళు 9, సర్దుకొంటామన్నవాళ్ళు 2, రాలేమన్నవాళ్ళు 7. మార్చి 29కు తప్పక 7, సర్దుకొని 8, రాలేము 3. ఏప్రిల్ 5కు తప్పక 6, సర్దుకొని 3, రాలేము 9.

వాట్సాపు ఓటు పెట్టి ఉంటే 22వ తేదీ 9 ఓట్లతో గెలిచేది, చప్పట్లు కొట్టేవాళ్ళం. కానీ ఆ రోజు ఏడుగురు రాలేరు. 29న రాలేనివాళ్ళు ముగ్గురే. ఎక్కువమంది ఇష్టపడిన రోజు వేరు, తక్కువమంది దూరమయ్యే రోజు వేరు. ఇది పోటీ కాదు, పని. పనికి రెండోదే కావాలి. ఆ తర్వాత ఇంకొకటి చూడాలి: రాలేనన్న ముగ్గురిలో ఆ రోజు లేకపోతే జరగని మనిషి ఎవరైనా ఉన్నారా? పిల్లల నాటకం నేర్పే టీచరమ్మ ఉంటే ఈ లెక్కంతా కొట్టేసి ఆమెను అడగాలి. ఈసారి లేరు.

ఏప్రిల్ 5 లెక్క అంత పలచగా ఎందుకు వచ్చిందని అడుగుతున్నారు. ఆ రోజు ఈస్టర్. మనలో క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ చేత "రాలేను" అని రాయించడం బాగాలేదు. తేదీలు ఇవ్వక ముందే క్యాలెండరు తిప్పాలి, పండుగలూ పిల్లల ప్లస్ టూ, పదో తరగతి పరీక్షలూ చూడాలి. ఈ మాట కార్యదర్శి గారికీ చెప్పాము.

ఇప్పుడు అన్నిటికంటే గట్టి ఆరోపణ. "నోరు తెరవనివాళ్ళ తరపున తేల్చడానికి మీరెవరు?" పిల్లలు దీన్ని డీఫాల్టు అంటారు. జవాబు రాకపోతే ఏది నిలుస్తుందో అది. ఎవరూ రాయకపోయినా ఏదో ఒకటి నిలుస్తుంది కదా, ఆలోచించండి. గడువు లేని ప్రశ్నలో కూడా ఒక డీఫాల్టు ఉంది. "ఏమీ తేలదు, మండపం చేజారుతుంది" అనేదే అది. లేదంటే చివరికి ఇద్దరు ముగ్గురు మనుషులు ఫోనులో మాట్లాడుకొని తేల్చేస్తారు. మౌనానికి ఎప్పుడూ ఏదో ఒక అర్థం తగులుకొంటుంది. ఆ అర్థాన్ని ముందే అందరికీ కనిపించేలా రాయడమా, తర్వాత మనకు నచ్చినట్టు చెప్పుకోవడమా, తేడా అంతే. రాసినవాళ్ళను నిలదీస్తున్నారు, రాయకుండా తేల్చేవాళ్ళను ఎవరూ అడగలేదు.

రైల్వే రిజర్వేషను ఫారం మీలో ఎంతమంది పూర్తిగా చదివారో తెలియదు. అందులో ఒక గడి ఉంది. అదనంగా డబ్బు కట్టకుండా పై తరగతిలో చోటు ఇస్తే వెళ్తారా, అవును అని గానీ కాదు అని గానీ రాయండి అని ఉంటుంది. దాని పక్కనే, ఏమీ రాయకపోతే పూర్తి చార్జీ ఇచ్చిన ప్రయాణికులను దానంతట అదే మార్చవచ్చు అని అచ్చు వేసి ఉంటుంది. ఏసీ పడని పెద్దాయన "కాదు" అని రాస్తాడు, సరిపోయింది. రాయనివాళ్ళకు నష్టం లేదు. ఇందులో మూడు గుణాలున్నాయి. ఏమవుతుందో సంతకం పెట్టే కాగితం మీదే ముందుగా ఉంది. కాదనడానికి చోటు ఉంది. ఊరుకొన్నవాడి జేబులోంచి రూపాయి పోదు. ఈ మూడూ ఉన్న డీఫాల్టు నిజాయితీ గలది. మూడింటిలో ఒకటి లేకపోయినా మేమే ముందు నిలబడి కొట్లాడతాము.

ఇక్కడ మా పక్షం వాళ్ళతో కూడా కొట్లాట ఉంది. లింకు రుచి మరిగిన కొందరు కుర్రవాళ్ళు "జవాబు చెప్పని ఆరుగురినీ 29కు వస్తారనే రాసుకొందాము" అన్నారు. తప్పు. "జవాబు రాకపోతే 29 ఖాయం" అంటే ఆ తేదీకి మీరు అడ్డం చెప్పలేదని మాత్రమే. మీరు వస్తారని కాదు. ఆ ఆరుగురినీ కలిపితే 29కు సర్దుకొనేవాళ్ళతో సహా 21 మంది అవుతారు. 21 మందిని నమ్మి పని పంచితే, ఆ పొద్దు వడ్డనలో ఆరు చేతులు తక్కువ పడతాయి. మౌనాన్ని ఏ గడిలోనూ కలపకూడదు. లెక్క 18 మీదే చేయాలి, మిగతా ఆరుగురికీ శుక్రవారం ఫోను చేసి "29న జరుగుతుంది, మీరు వస్తారా?" అని విడిగా అడగాలి.

ఇంకా ముఖ్యమైనది. తేదీకి పనికొచ్చే మౌనం డబ్బుకు పనికిరాదు. "శుక్రవారంలోగా కాదనకపోతే చందా పెంచడానికి ఒప్పుకొన్నట్టే" అని రేపు ఎవరైనా లింకు పెడితే, ఆ లింకును మేము తెరవను కూడా తెరవము. చందా, నిబంధనల మార్పు, ఎన్నిక, వీటికి సంఘం నిబంధనల్లో సభ, నోటీసు, కోరం అని వేరే దారి ఉంది. అక్కడ చెయ్యి ఎత్తినవాడే లెక్క. కదలని చెయ్యిని ఎత్తినట్టు రాసుకోవడం దొంగలెక్క. తేదీ తప్పు పడితే వచ్చే ఏడు మార్చుకోవచ్చు, తీర్మానం తప్పు పడితే దాన్ని తిప్పడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీకే తెలుసు.

"పదవిలో ఉన్నవాళ్ళు తమకు అనుకూలమైన తేదీనే డీఫాల్టుగా పెడతారు" అన్న అనుమానం కూడా వచ్చింది. ఈ అనుమానంలో న్యాయం ఉంది. దీనికి రెండు కట్టుబాట్లు చాలు. ఒకటి, ఆ తేదీనే ఎందుకు పెట్టారో ఒక వాక్యంలో రాయాలి. ఈసారి 29 పెట్టింది మండపం ఖాళీగా ఉంచి చూపిన రోజు అదొక్కటే కాబట్టి. 22కు గానీ ఏప్రిల్ 5కు గానీ మళ్ళీ అడగాల్సి వచ్చేది. రెండు, అడిగినవాళ్ళలో సగం మందైనా జవాబు చెప్పకపోతే డీఫాల్టు నిలవకూడదు. 24లో 12 కంటే తక్కువ వస్తే ఆ లింకు మనుషులకు చేరలేదని అర్థం. అప్పుడు శుక్రవారమంతా కూర్చొని అందరికీ ఫోను చేయాల్సిందే. వరసగా రెండు మూడుసార్లు అట్లా జరిగితే లోపం సభ్యులది కాదు, అడిగే తీరుది.

చేరకపోవడానికి కారణాలు మన మధ్యనే ఉన్నాయి. మొదటిది లిపి. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, చాలామంది చదవలేరు. మా తరమే తమిళ బడి, పిల్లలు ఇంగ్లీషు బడి. అచ్చ తెలుగులో ఉన్న ఫారం చూసి "మా అబ్బాయి వచ్చాక చూపిస్తాను" అని పక్కన పెట్టిన అక్కలు ఉన్నారు. ఏమి జరుగుతుందో చదవలేని మనిషి మౌనాన్ని ఒప్పుకోలు అనడం అన్యాయం. తెలుగులో రాసి, దాని కిందే అదే మాట తమిళ అక్షరాల్లో కూడా రాయాలి. ముఖ్యంగా గడువు, జవాబు రాకపోతే ఏమవుతుంది అన్న ఆ రెండు వాక్యాలూ.

రెండోది లాగిన్. ఫారంలో `Limit to 1 response` అనేది నొక్కితే గూగుల్ ఖాతాతో లోపలికి రమ్మంటుంది. పాస్‌వర్డు గుర్తులేని పెద్దాయన అక్కడే ఆగిపోతాడు. దాన్ని తీసేయాలి. తీసేస్తే ఒకరే రెండుసార్లు పంపవచ్చు, నిజమే. 24 పేర్లే కదా, పేరు చూసి చివరి జవాబు లెక్కపెడితే సరి. గడువు దాటగానే `Accepting responses` ఆపేయాలి, లేకపోతే శనివారం కూడా జవాబులు పడుతూనే ఉంటాయి.

మూడోది భయం. లింకు నొక్కితే బ్యాంకులో డబ్బు పోతుందని పేపర్లో రోజూ చదువుతున్నాము, పెద్దవాళ్ళు నొక్కకపోవడం తెలివే. కాబట్టి లింకు కార్యదర్శి గారి సొంత నంబరు నుంచే రావాలి. అందులో పేరు, మూడు జవాబులు తప్ప ఇంకేమీ అడగకూడదు. ఆధార్ వద్దు, ఓటీపీ వద్దు, పుట్టిన తేదీ వద్దు. అయినా నొక్కనివాళ్ళ కోసం ప్రతి వీధికి ఒకరు ఉండాలి. వాళ్ళు ఫోనులో అడిగి, ఆ మనిషి పేరుతోనే ఫారంలో నింపాలి. గూగుల్ ఫామ్‌కు తెలియని మర్యాద ఏదైనా ఉంటే అది ఇక్కడ మనం చేయాలి.

వచ్చేసారి లింకుతో వచ్చే మాట ఈ మాదిరి ఉండాలని మా మనవి:

"కార్యవర్గ సభ ఏ ఆదివారం? మూడు తేదీలకూ విడివిడిగా గుర్తు పెట్టండి. గురువారం రాత్రి 9 గంటల దాకా. రెండో ఆదివారానికి హాలు పట్టి ఉంచాము, కాబట్టి వేరే తేదీ ఎక్కువమందికి కుదిరితే తప్ప రెండో ఆదివారమే నిలుస్తుంది. జవాబు రాకపోతే తేదీకి మీ అడ్డు లేదని అనుకొంటాము, వస్తారని అనుకోము. సగం మంది కూడా చెప్పకపోతే అందరికీ ఫోను చేస్తాము. లింకు తెరవలేనివాళ్ళు మీ వీధి సభ్యునికి చెప్పండి. ఫలితం శుక్రవారం రాత్రి."

ఈ ఎనిమిది వాక్యాల్లో ఎవరికి అవమానం జరిగిందో చూపించండి. ఇవి లేనప్పుడు మనం ఏడాదికి ఎన్ని ఆదివారాలు ఎదురుచూపుల్లో పోగొట్టుకొన్నామో ముందుగా జవాబు చెప్పే అలవాటున్న ఆ పదిమందినీ అడగండి. ఈ తీరునే ఇకపై పాటించాలని వచ్చే కార్యవర్గ సభలో తీర్మానం పెడుతున్నాము. వద్దనేవాళ్ళు సభకు వచ్చి వద్దనండి. ఇది తేదీ విషయం కాదు, తీర్మానం. కాబట్టి మీరు మాట్లాడకపోతే మీరు ఒప్పుకొన్నారని మాత్రం మేము రాసుకోము.